ఒకే పుట్టినరోజుకు రెండు సూర్యరాశులు ఎందుకు?

2016 అక్టోబర్ 11, విజయదశమి. తెలంగాణలో కొత్త జిల్లాలు ఆ రోజే మొదలయ్యాయి. అప్పటిదాకా నిజామాబాద్ జిల్లాలో ఉన్న సదాశివనగర్ మండలం ఆ రోజు నుంచి కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఆ ఉదయం ఆరు గంటలకు సదాశివనగర్‌లో ఒక పాప పుట్టిందనుకుందాం. ఇంగ్లిష్ పత్రికలోని వారఫలాల శీర్షిక చూస్తే ఆ పాపది తుల. మన పంచాంగం తెరిచి సూర్యుడు ఎక్కడున్నాడో చూస్తే కన్య. ఇంట్లో అమ్మమ్మను అడిగితే ఈ రెండూ కాదు, "శ్రవణా నక్షత్రం, మకర రాశి" అంటుంది. ముగ్గురూ చెప్పింది సరైనదే. ఎవరి లెక్క ఏమిటో తెలియక ఒకదాని సమాధానాన్ని ఇంకొకదానికి అతికించినప్పుడే చిక్కు మొదలవుతుంది.

అమ్మమ్మ మాటను ముందు పక్కన పెడదాం. తెలుగువాళ్లు "మీది ఏ రాశి?" అని అడిగితే అది చంద్రుడున్న రాశి. పుట్టినప్పుడు చంద్రుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో అదే జన్మనక్షత్రం, దాన్నిబట్టే జన్మరాశి. పాశ్చాత్యుల పత్రికా జాతకాల్లో రాశి అంటే సూర్యుడున్నది. చంద్రుడు రెండుంపావు రోజుల్లో ఒక రాశి దాటితే సూర్యుడికి నెల పడుతుంది. కాబట్టి ఈ రెండింటినీ పోల్చడంలోనే అర్థం లేదు. మన అసలు ప్రశ్న దీనికన్నా లోతైనది. చంద్రుణ్ణి వదిలేసి సూర్యుణ్ణి మాత్రమే చూసినా, ఒకే క్షణంలో ఒకే సూర్యుడు ఒకరికి తులలో, ఇంకొకరికి కన్యలో ఎలా కనిపిస్తున్నాడు?

ఏడాది పొడవునా నక్షత్రాల మధ్య సూర్యుడు నడిచినట్టు కనిపించే దారిని క్రాంతివృత్తం అంటారు. అది 360 డిగ్రీల వలయం. దాన్ని ముప్పయ్యేసి డిగ్రీల చొప్పున పన్నెండు ముక్కలు చేస్తే పన్నెండు రాశులు. ఇంతవరకు తూర్పుకూ పడమరకూ తేడా లేదు, పేర్లు కూడా దాదాపు ఒకటే. వలయానికి మొదలంటూ ఉండదు కాబట్టి మేషం సున్నా డిగ్రీ ఎక్కడ పెట్టాలన్నది మనుషులు నిర్ణయించుకోవలసిందే. ఆ నిర్ణయం దగ్గరే రెండు దారులు చీలాయి. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద సదాశివనగర్ ఎంత దూరమని అడిగితే కామారెడ్డి నుంచి కొలిచినవాడు ఒక అంకె, నిజామాబాద్ నుంచి కొలిచినవాడు ఇంకొక అంకె చెబుతాడు. ఊరు కదలదు, అంకె మారుతుంది. రాశుల విషయంలో మాత్రం ఒక ఇబ్బంది ఎక్కువ ఉంది: కొలత మొదలుపెట్టే ఆ రెండు చోట్లలో ఒకటి, రెండోదాని నుంచి నెమ్మదిగా దూరం జరుగుతూ ఉంటుంది.

మొదటి లెక్క సాయనం. ఇందులో సున్నా డిగ్రీ వసంత విషువత్తు, అంటే మార్చి 20 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమై సూర్యుడు భూమధ్యరేఖను దాటి ఉత్తరానికి వచ్చే బిందువు. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన టాలెమీ దీన్ని స్థిరపరిచాడు, పాశ్చాత్య జ్యోతిషం అప్పటినుంచి దీన్నే పట్టుకుంది. ఈ లెక్కకు నక్షత్రాలతో పని లేదు. నేల మీద నిలువుగా పాతిన కర్ర చాలు, దాన్నే మన గ్రంథాలు శంకువు అన్నాయి. సదాశివనగర్ అక్షాంశం 18.4 డిగ్రీల ఉత్తరం. ఏటా మే 13 ప్రాంతంలో ఒకసారి, జులై 30 ప్రాంతంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు అక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు, పాతిన కర్రకు నీడ పడదు. మేలో అయితే ఆ క్షణం గడియారంలో 12 గంటల 13 నిమిషాల దగ్గర ఉంటుంది. నీడ లేదంటే సూర్యుడు సాయన లెక్కలో వృషభం 22, 23 డిగ్రీల మధ్య ఉన్నట్టు. జులైలో అదే జరిగితే సింహం ఏడెనిమిది డిగ్రీల దగ్గర ఉన్నట్టు. వెయ్యేళ్ల కిందట అదే చోట కర్ర పాతినా ఇవే అంకెలు వచ్చేవి, చెప్పుకోదగ్గ తేడా ఉండేది కాదు. సాయన రాశి అంటే ఎండతో, నీడతో, ఋతువుతో ముడిపడినది.

రెండోది నిరయణం. ఇందులో సున్నా డిగ్రీని నక్షత్రాలను బట్టి పెట్టుకుంటారు. మన సిద్ధాంత గ్రంథాలన్నీ గ్రహాల ప్రదక్షిణలను నక్షత్రాల నుంచే లెక్కించాయి. అశ్విని మొదలు రేవతి దాకా 27 నక్షత్ర విభాగాలు, ఒక్కొక్కటి 13 డిగ్రీల 20 నిమిషాలు, అశ్విని మొదలే మేషం మొదలు. ఈనాడు మన దేశంలో ఎక్కువగా నడుస్తున్న చిత్రాపక్షం ప్రకారం చిత్తా నక్షత్రానికి సరిగ్గా 180 డిగ్రీల ఎదురుగా ఉన్న చోటే మేషాది.

దీన్ని కళ్లారా చూడవచ్చు. ఏప్రిల్ 14 సాయంత్రం ఊరి బయట, తూర్పు దిక్కు తెరిపిగా ఉన్న చోట నిలబడండి. సూర్యుడు పడమట కుంగుతున్న వేళకే చిత్త తూర్పున పొడుస్తుంది. వెలుతురు పోవడానికి ఇంకొంత సేపు పడుతుంది కాబట్టి అది కంటికి దొరికేసరికి కొంచెం పైకి వచ్చి ఉంటుంది. గుర్తు తెలియకపోతే ఉత్తరాన సప్తర్షి మండలం తోకను వంపుగా పొడిగించుకుంటూ రండి. ముందు నారింజ రంగు స్వాతి తగులుతుంది, అదే వంపులో ఇంకా ముందుకు వెళితే తెల్లగా, కొద్దిగా నీలంగా చిత్త. ఇటు సూర్యుడు, అటు చిత్త ఎదురెదురుగా ఉన్న ఆ రోజే నిరయణ మేష సంక్రమణం. పాశ్చాత్యుల సూర్యుడు మేషంలోకి వెళ్లి అప్పటికి దాదాపు ఇరవై నాలుగు రోజులైంది.

ఈ ఇరవై నాలుగు రోజుల ఎడం ఎక్కడి నుంచి వచ్చింది? భూమి నున్నటి గోళం కాదు, నడుము దగ్గర కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బును సూర్యచంద్రులు లాగడం వల్ల భూమి ఇరుసు తన దిక్కును చాలా నెమ్మదిగా మార్చుకుంటూ పోతుంది. ఒక చుట్టు పూర్తికావడానికి సుమారు 25,800 ఏళ్లు. ఇరుసుతో పాటు భూమధ్యరేఖ తలం తిరుగుతుంది, దానితో పాటు విషువద్బిందువు క్రాంతివృత్తం మీద పడమటివైపు జరుగుతుంది. జరుగుడు ఏడాదికి 50 వికలల పైచిలుకు, అంటే ఒక డిగ్రీకి సుమారు 72 ఏళ్లు. ఇదే అయనచలనం. సాయన మేషాదికీ నిరయణ మేషాదికీ మధ్య ఇప్పటిదాకా పేరుకున్న దూరమే అయనాంశ. చిత్రాపక్షం ప్రకారం అది క్రీస్తుశకం 285 ప్రాంతంలో సున్నా, 1950లో 23 డిగ్రీల 9 నిమిషాలు, 2025లో 24 డిగ్రీల 12 నిమిషాలు.

ఇక్కడ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన ముచ్చట ఒకటుంది. అయనచలనాన్ని మొదట గుర్తించినవాడిగా పేరున్న గ్రీకు ఖగోళవేత్త హిప్పార్కస్‌కు, క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో, దాన్ని పట్టించింది మన చిత్తే. అతనికి సుమారు నూట యాభై ఏళ్ల ముందు టిమోకారిస్ కొలిచినప్పుడు ఆ నక్షత్రం శరద్విషువత్తుకు ఎనిమిది డిగ్రీల దూరంలో ఉంది. హిప్పార్కస్ కొలిచేసరికి ఆరు డిగ్రీలే వచ్చింది. నక్షత్రాల మధ్య దూరాలు మారలేదు కాబట్టి కదిలింది విషువత్తే అయి ఉండాలని అతను తేల్చాడు. పాశ్చాత్యులకు చలనం చూపిన నక్షత్రాన్నే మనం స్థిరత్వానికి గుర్తుగా పెట్టుకున్నాం.

మనవాళ్లకు ఈ జరుగుడు తెలియదనుకోవడం తప్పు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో, ఒకప్పుడు దక్షిణాయనం ఆశ్లేష సగం నుంచి మొదలయ్యేదనీ, తన కాలంలో కర్కాటకం మొదటినుంచి మొదలవుతోందనీ రాశాడు. సూర్యుడు దక్షిణానికి మళ్లే జూన్ 21న ఈనాడు నిరయణ లెక్కలో ఎక్కడుంటాడో చూడండి: మిథునం ఆరో డిగ్రీ దగ్గర, మృగశిర చివర. ఆశ్లేష నడుమ నుంచి పునర్వసు చివరికి, అక్కడి నుంచి మృగశిరకు వచ్చింది. సూర్యసిద్ధాంతం మాత్రం ఈ చలనాన్ని అటు 27 డిగ్రీలు, ఇటు 27 డిగ్రీలు ఊగే ఊపుగా భావించింది. అది నిజం కాదు. విషువత్తు వెనక్కి తిరిగి రాదు, చుట్టు పూర్తయ్యేదాకా ఒకే దిక్కుకు పోతూ ఉంటుంది.

ఇప్పుడు మన పాప లెక్క. 2016 అక్టోబర్ 11 ఉదయం 6 గంటలకు సూర్యుడి సాయన స్థానం 198 డిగ్రీల 8 నిమిషాలు. 180 డిగ్రీలకు తుల మొదలవుతుంది కాబట్టి ఇది తుల 18 డిగ్రీల 8 నిమిషాలు. ఆ రోజు చిత్రాపక్ష అయనాంశ 24 డిగ్రీల 5 నిమిషాలు. తీసేస్తే 174 డిగ్రీల 3 నిమిషాలు మిగులుతుంది. 150 నుంచి 180 దాకా కన్య కాబట్టి కన్య 24 డిగ్రీల 3 నిమిషాలు. నక్షత్రం కూడా ఇందులోనే దొరుకుతుంది: హస్త 173 డిగ్రీల 20 నిమిషాల దగ్గర ముగుస్తుంది, అంటే సూర్యుడు హస్త దాటి చిత్త మొదటి పాదంలో ఉన్నాడు. ముందురోజు మధ్యాహ్నమే చిత్త కార్తె ప్రవేశించింది.

పుట్టిన ఊరు ఈ లెక్కలో ఎక్కడా రాలేదన్నది గమనించండి. సదాశివనగర్ మన ప్రామాణిక సమయ రేఖకు పడమరగా ఉండటం వల్ల స్థానిక సమయం గడియారం కన్నా సుమారు 17 నిమిషాలు వెనక ఉంటుంది. ఆ తేడా లగ్నాన్ని మార్చగలదు, సూర్యోదయాన్ని మారుస్తుంది. రోజుకు ఒక డిగ్రీ మాత్రమే నడిచే సూర్యుడి రాశికి మాత్రం, సరిగ్గా సంక్రమణ వేళ పుట్టినవారిని మినహాయిస్తే, క్షణం ముఖ్యం కానీ ఊరు కాదు. ఆ పాప అదే క్షణంలో డల్లాస్‌లో పుట్టి ఉన్నా సూర్యుడికి ఇవే రెండు రాశులు.

ఈ తీసివేత నుంచి ఒక సంగతి తేలుతుంది. సాయన లెక్కలో రాశి మొదటి 24 డిగ్రీల లోపు సూర్యుడున్నవారందరికీ నిరయణంలో ఒక రాశి వెనకది వస్తుంది. చివరి ఆరు డిగ్రీల్లో ఉన్నవారికి రెండు లెక్కల్లోనూ ఒకటే. అంటే అయిదుగురిలో సుమారు నలుగురికి రెండు సూర్యరాశులు ఉంటాయి. పాశ్చాత్య రాశులు నెలలో 18 నుంచి 23 మధ్య మారతాయి, మన సంక్రమణాలు 12 నుంచి 17 మధ్య వస్తాయి. ఈ రెంటి నడుమ ఉన్న ఆ కొద్ది రోజుల్లో పుట్టినవారికే ఒక్క రాశి.

చేత్తో లెక్క చేసేవారు ఎక్కువగా పడే పొరపాటు ఈ ఏడాది అయనాంశను పాత పుట్టినతేదీకి వాడటం. 1950లో పుట్టిన తాతగారి జాతకానికి 2025 అయనాంశ తీసేస్తే ఒక డిగ్రీకి పైగా తేడా వస్తుంది. సూర్యుడు రాశి అంచున ఉంటే అది రాశినే మార్చేస్తుంది.

సదాశివనగర్ చుట్టుపక్కల సూర్యరాశి అనే మాట ఎవరూ వాడరు. అయినా నిరయణ సూర్యుణ్ణి ఇక్కడి రైతు తెలిసినంతగా బహుశా జ్యోతిషం చదివినవారికి కూడా తెలియదు. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్ర విభాగంలో ఉన్నాడన్నదే కదా. మే 25 ప్రాంతంలో రోహిణి కార్తె, జూన్ 8 ప్రాంతంలో మృగశిర. తెలంగాణ నోట మృగశిర మిరుగం అయింది. మిరుగం నాడు ఇంట్లో చేపల కూర, చెలకలో దున్నకం, మొగులు వంక చూపు. మక్క, సోయా ఎప్పుడు వేయాలో, వరి నారు ఎప్పుడు పోయాలో కార్తెల లెక్కలో మాట్లాడుకునే పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లు చెప్పేది పదమూడు డిగ్రీల ఇరవై నిమిషాల ముక్కల్లో కొలిచిన నిరయణ సూర్యుడి స్థానమే.

వానలు నక్షత్రాలను చూసి రావు. నైరుతి ఋతుపవనం నేల వేడెక్కడం మీద, అంటే సూర్యుడు ఎంత ఉత్తరానికి వచ్చాడన్నదాని మీద ఆధారపడుతుంది. అది సాయనం సంగతి. నక్షత్ర సంవత్సరం ఋతు సంవత్సరం కన్నా 20 నిమిషాల 24 సెకన్లు పెద్దది. ఏడాదికి ఇరవై నిమిషాలే, ఎవరికీ తెలియదు. డెబ్బయి ఏళ్లకు అది ఒక రోజు అవుతుంది. వరాహమిహిరుడి కాలం నుంచి ఇప్పటికి సుమారు ఇరవై రోజులు. ఆయన రోజుల్లో మిరుగం, ఎండావానల లెక్కలో, ఇప్పటి మే మూడో వారంతో సమానమైన చోట పడేది. ఇప్పుడు జూన్ మొదటి వారం దాటుతోంది. మరో వెయ్యేళ్లకు జూన్ నాలుగో వారంలోకి పోతుంది, అప్పటికి నల్లరేగడిలో మొలకలు రావలసి ఉంటుంది. కార్తెల మీద కట్టిన సేద్యపు సామెతలు ఏ శతాబ్దానికి ఆ శతాబ్దం నెమ్మదిగా సడలక తప్పదు. అనుభవంతో వాటిని సరిచూసుకుంటూ వచ్చిన రైతులు ఉన్నారు కాబట్టే అవి ఇంకా పనిచేస్తున్నాయి.

సంక్రాంతిది కూడా ఇదే కథ. సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబర్ 21 లేదా 22న. మనం ఉత్తరాయణ పుణ్యకాలంగా జరుపుకునే మకర సంక్రమణం జనవరి 14 లేదా 15న. 1863లో అది జనవరి 12న వచ్చింది, స్వామి వివేకానంద పుట్టింది ఆ సంక్రాంతి నాడే. 2024లో 15న చేసుకున్నాం. ఇందులో గ్రెగరీ క్యాలెండర్ లీపు సంవత్సరాల సర్దుబాటు కొంత ఉన్నా, వెనకనున్న ప్రధాన కారణం అయనచలనమే. నిరయణ మకరానికీ ఉత్తరాయణానికీ ఒకప్పుడు ఉన్న కలయిక ఎప్పుడో తెగిపోయింది. పండుగ మకర సంక్రమణానిది అంటే పూర్తిగా నిజం. సూర్యుడు ఆ రోజే ఉత్తరానికి తిరుగుతున్నాడు అంటే కాదు. పిల్లలకు పాఠంగా చెప్పేటప్పుడు ఈ రెంటినీ కలపకూడదు.

పుష్కరాల్లో ఈ ఎడం ఇంకా పెద్దగా కనబడుతుంది, ఎందుకంటే గురుడు ఒక రాశిలో ఏడాది ఉంటాడు. గురుడు సింహంలో ప్రవేశిస్తే గోదావరి పుష్కరం. ఈ జిల్లాల వాళ్లు బాసరకో, మంజీర వచ్చి గోదావరిలో కలిసే కందకుర్తికో వెళ్లి మునిగేది అప్పుడే. గురుడు నిరయణ సింహంలోకి వచ్చింది 2015 జులై 14న, పుష్కరాలు ఆ రోజే మొదలయ్యాయి. సాయన సింహంలోకి అతను 2014 జులై 16నే వచ్చేశాడు. సాయనమే మన లెక్క అయితే కందకుర్తి ఘాట్లు ఒక ఏడాది ముందే నిండి ఉండేవి.

ఇంతదాకా చదివినవారికి సాయనం కదిలేదీ, నిరయణం కదలనిదీ కాబట్టి నిరయణమే గట్టిది అనిపించవచ్చు. ఇక్కడే నిరయణ పక్షంవారు ఎదుర్కోవలసిన కష్టమైన ప్రశ్న ఉంది. సాయన మేషాదిని సూర్యుడే చూపిస్తాడు, దాని గురించి ఎవరికీ తగాదా లేదు. నిరయణ మేషాది దగ్గర చూపించడానికి ప్రకాశమైన నక్షత్రం ఏదీ లేదు. సూర్యసిద్ధాంతం చిత్తకు 180 డిగ్రీలు, రేవతికి 359 డిగ్రీల 50 నిమిషాలు ఇచ్చింది. రెండూ నిజమైతే ఆకాశంలో ఆ రెండు నక్షత్రాలు దాదాపు ఎదురెదురుగా ఉండాలి. లేవు, సుమారు నాలుగు డిగ్రీలు తేడా ఉంది. కాబట్టి చిత్తను పట్టుకుంటే రేవతి తప్పుతుంది, రేవతిని పట్టుకుంటే చిత్త తప్పుతుంది. బాలగంగాధర తిలక్ రేవతి పక్షాన్ని సమర్థించారు. ఆ ప్రకారం అయనాంశ ఇరవై డిగ్రీల దగ్గరే ఉంటుంది, సంక్రమణాలు నాలుగు రోజులు ముందే వస్తాయి.

స్వాతంత్ర్యం తర్వాత ఈ గందరగోళాన్ని తగ్గించడానికి 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం ఏర్పడింది. నిర్మలచంద్ర లాహిరి దాని కార్యదర్శి. 1955లో నివేదిక వచ్చింది. 1956 మార్చి 21కి అయనాంశ 23 డిగ్రీల 15 నిమిషాలని ఆ సంఘం ప్రమాణం పెట్టింది. నేడు లాహిరి అయనాంశ అని జాతకాల మీద కనిపించేది దాదాపు అదే. అదే సంఘం సిఫారసుతో 1957 మార్చి 22న మొదలైన జాతీయ క్యాలెండర్‌లో చైత్రం విషువత్తు మరునాటి నుంచి మొదలవుతుంది, అంటే అది సాయనం. ఋతువుల లెక్కకు సాయనం, నక్షత్రాల లెక్కకు నిరయణం అని ఒకే సంఘం రెండింటికీ చోటిచ్చింది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో తీసుకున్న అతి తెలివైన నిర్ణయం అదే. మిగతా లెక్కలు పోలేదు. బి.వి. రామన్ అనుసరించిన అయనాంశ సున్నా అయ్యేది క్రీస్తుశకం 397లో, కాబట్టి అది లాహిరి కన్నా దాదాపు ఒకటిన్నర డిగ్రీ తక్కువ. సంక్రమణం రోజుల్లో పుట్టినవారికి ఒక నిరయణ జ్యోతిష్కుడు మీనం అంటే ఇంకొక నిరయణ జ్యోతిష్కుడు మేషం అనడానికి కారణం ఇదే. రెండు సూర్యరాశులు అనుకున్నది ఈ అంచున నిరయణంలోనే రెండుగా చీలుతుంది.

మూడో సంగతి ఒకటి ఈ చర్చలో తరచూ దూరుతుంది. మన పాప పుట్టిన 2016 శరత్తులోనే, నాసా పదమూడో రాశి కనిపెట్టిందనీ అందరి రాశులూ మారిపోయాయనీ లోకమంతా వార్త తిరిగింది. నాసా ఏ రాశినీ మార్చలేదు. సూర్యుడి దారిలో పదమూడు నక్షత్ర మండలాలు తగులుతాయన్న పాత విషయాన్నే పిల్లలకు వివరించింది. మండలాల సరిహద్దులను అంతర్జాతీయ ఖగోళ సంఘం కోసం డెల్పోర్ట్ గీసి 1930లో ప్రచురించాడు. వాటి ప్రకారం నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో సూర్యుడు సర్పధారి మండలంలో ఉంటాడు. మండలాలు చిన్నాపెద్దా ముక్కలు. కన్యా మండలం దాటడానికి సూర్యుడికి నెలన్నర పడుతుంది, వృశ్చికానికి వారం చాలు. రాశులు సమాన భాగాలు. నిరయణ రాశి కూడా మండలం కాదు, దానికి దగ్గరగా ఉండే ముప్పయి డిగ్రీల ముక్క మాత్రమే. మన పాప విషయంలో మండలం, నిరయణ రాశి రెండూ కన్యే అయ్యాయి. అందరికీ అలా కలవదు.

ఇక చాలామంది మనసులో ఉండే ప్రశ్న: ఫలితం చెప్పడానికి ఏది సరైనది? దీనికి జయంత్ నార్లీకర్ బృందం పుణెలో చేసిన పరీక్షను చూడటం మంచిది. చదువులో ప్రతిభ చూపినవారివి వందా, మానసిక వైకల్యం ఉన్నవారివి వందా జాతకాలు సేకరించారు. పాల్గొన్న 27 మంది జ్యోతిష్కులకు నలభయ్యేసి ఇచ్చి, ఏవి ఎవరివో చెప్పమన్నారు. సరైన జవాబులు 46 శాతం. నాణెం ఎగరేసినా సగం వస్తాయి. మన దేశపు పద్ధతిలో వేసిన జాతకాలతో, మన జ్యోతిష్కులతో జరిగిన ఈ పరీక్ష 2009లో కరెంట్ సైన్స్‌లో వచ్చింది. పాశ్చాత్య జ్యోతిష్కులతో షాన్ కార్ల్‌సన్ చేసి 1985లో నేచర్‌లో ప్రచురించిన పరీక్ష ఫలితమూ ఇలాగే ఉంది. కాబట్టి తుల గుణాలు సరిపోయాయి గనుక సాయనం నిజం, కన్య గుణాలు సరిపోయాయి గనుక నిరయణం నిజం అనే వాదనకు రెండువైపులా ఆధారం లేదు. ఖగోళ గణితంగా చూస్తే రెండూ కచ్చితమైనవే, ఒకదాని నుంచి ఇంకొకదానికి ఒక్క తీసివేతతో వెళ్లవచ్చు. మనుషుల స్వభావం మాత్రం ఆ అంకెల్లో దొరకదు.

చేతిలో ఉన్న పత్రిక ఏ లెక్కది అని తెలుసుకోవడం కష్టం కాదు. మేషం పక్కన మార్చి 21 నుంచి ఏప్రిల్ 20 అని తేదీలుంటే అది సాయన సూర్యుడు. అశ్విని, భరణి, కృత్తిక ఒకటో పాదం అని ఉంటే అది నిరయణ చంద్రుడు. పుట్టినతేదీతో మొదటిదాంట్లో తమ రాశి తెలుసుకుని, ఆ పేరుతోనే రెండోదాంట్లో ఫలం చదువుకునేవారు మన ఇళ్లలో ఎంతోమంది ఉన్నారు. మన పాప అలా చదివితే తన జన్మరాశి మకరం అయి ఉండగా తుల వారి ఫలం చదువుకుంటుంది. పంచాంగకర్తలకూ పత్రికల సంపాదకులకూ నా విన్నపం ఒక్కటే: రాశిఫలాల పక్కన అది సాయనమో నిరయణమో, సూర్యుడిదో చంద్రుడిదో, ఏ అయనాంశ వాడారో ఒక్క వాక్యంలో అచ్చువేయండి.